“తగు చర్య” అంటే ఏ చర్య? (మన కాగితాలు – 7)



పోయిన నెల కృష్ణానగర్‌లో ఓ చాయ్ బండి దగ్గర కూర్చున్నాం. పొద్దున్న ఆరు గంటలకి జూనియర్ ఆర్టిస్టులు బస్సుల కోసం నిలబడే సందు అది. నాతో పాటు నలుగురు విద్యార్థులు. వాళ్లు పదకొండు నెలలు తిరిగి, జూనియర్ ఆర్టిస్టులు, కాస్ట్యూమ్ పని చేసే అక్కలు, హెయిర్ డ్రెస్సర్లు, గ్రూప్ డాన్సర్లతో మాట్లాడి ఒక నివేదిక రాశారు. షూటింగుల్లో లైంగిక వేధింపు జరిగితే ఈ ఆడవాళ్లు ఎవరికి చెప్పుకుంటున్నారు, చెప్పుకున్నాక ఏమైంది అన్నది విషయం. 112 పేజీలు.

“అన్నా, రిపోర్టు అయిపోయింది. రేపు కలెక్టర్ గారికి మెయిల్ కొడుతున్నం. ఒకసారి చూస్తవా?” అన్నాడు తమ్ముడు.

నేను రిపోర్టు తరవాత చదువుతా, ముందు మెయిల్ చూపించు అన్నాను. వాడికి ఆశ్చర్యం వేసింది. మెయిల్‌లో ఏముంటుంది, పైన నాలుగు మాటలే కదా అన్నాడు. ఆ నాలుగు మాటల గురించే ఈ వారం రాస్తున్నాను. ఎందుకంటే 112 పేజీలూ ఏ బల్ల మీదకి వెళ్లాలో, అక్కడ వాటిని ఏం చేయాలో తేల్చేది ఆ మాటలే.

వాళ్లు రాసుకున్న మెయిల్ ఇలా ఉంది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

*విషయం: తెలుగు సినీ పరిశ్రమలో మహిళా కార్మికుల స్థితిగతులపై సమగ్ర అధ్యయన నివేదిక సమర్పణ గురించి.*

*మహారాజశ్రీ జిల్లా కలెక్టర్ గారి దివ్య సముఖమునకు, విద్యార్థులమైన మేము వినయపూర్వకంగా విన్నవించుకొనునది ఏమనగా, తెలుగు సినిమాకు ఘనమైన చరిత్ర ఉన్నది. మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన ఈ పరిశ్రమ వేలాది మందికి జీవనోపాధి కల్పించుచున్నది. అయితే తెర వెనుక…*

ఇలా ఆరు పేరాలు. మూడో పేరాలో తాము ఎవరో, ఎన్ని నెలలు కష్టపడ్డారో. నాలుగో పేరాలో ఒక మేకప్ అసిస్టెంట్‌కి జరిగిన అన్యాయం, ఆ సినిమా పేరుతో సహా. ఐదో పేరాలో 2022 నాటి సబ్ కమిటీ నివేదికను విడుదల చేయాలని, అన్ని ప్రొడక్షన్ ఆఫీసులనూ తనిఖీ చేయాలని. ఆఖరి వాక్యం: “కావున తమరు దయతో పరిశీలించి తగు చర్య తీసుకోగలరని ప్రార్థన.”

ఇది వాళ్ల తప్పు కాదు. మనకి బడిలో నేర్పిన అర్జీ ఇదే. ముందు వంగాలి, తరవాత చరిత్ర చెప్పాలి, కష్టం చెప్పాలి, ఆఖర్న, అదీ నీళ్లు నమిలినట్టు, అడగాలి. దొర గడీ ముందు చెప్పులు విప్పి నిలబడిన తాతలు అలాగే అడిగారు. వాళ్లకి వేరే దారి లేదు. మనకి చట్టం ఉంది. చట్టం ఉన్న చోట “దివ్య సముఖము” ఎందుకు?

ఆ మెయిల్ ఎటు పోతుంది

ఒకప్పుడు నేనొక ఆఫీసులో ఇలాంటి ఉత్తరాల వెంట తిరిగాను. అప్పుడు తెలిసింది, అధికారి దాన్ని చదవడు అని కాదు, అధికారి కన్నా ముందు ఇంకొకరు చదువుతారని. మెయిల్ పేషీలో తెరుస్తారు. అక్కడి సి.సి. విషయం చూసి, మొదటి రెండు మూడు లైన్లు చూసి, ఏ సెక్షన్‌కి పంపాలో గుర్తు పెట్టుకుంటాడు. అధికారి ముందు పెట్టినప్పుడు ఆయనా ఫోన్లోనో, ప్రింట్‌లోనో ఆ పైభాగమే చూసి ఒక సెక్షన్‌కి మార్క్ చేస్తాడు. సెక్షన్‌లో క్లర్క్ దాని మీద నోట్ రాయాలి. నోట్‌లో ఆయన నింపాల్సినవి రెండే: వీళ్లు ఏం అడుగుతున్నారు, మనం ఏం చేయొచ్చు.

మన పిల్లల మెయిల్ తీసుకుని ఆ క్లర్క్ కుర్చీలో కూర్చోండి. “నివేదిక సమర్పణ గురించి” అని ఉంది. సమర్పించారు, అందింది. పని అయిపోయింది. “తగు చర్య” అని ఉంది. ఏది తగునో తేల్చే పని మీరు ఆయనకే వదిలేశారు కాబట్టి, ఏమీ చేయకపోవడం కూడా తగిన చర్యే అవుతుంది. రెవెన్యూ ఆఫీసుల్లో పని ముగిసిన కాగితాలకి రకాలున్నాయి. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా దాచేది, డి.డిస్. అంటే పదేళ్లు ఉంచేది, ఎల్.డిస్. అంటే ఏడాది ఉంచి పారేసేది. ఏమీ అడగని కాగితానికి దగ్గరి దారి ఎల్.డిస్. పదకొండు నెలల పనికి పన్నెండు నెలల ఆయుష్షు.

ఇందులో ఎవరి కుట్రా అక్కర్లేదు. కాగితంలో ప్రశ్న లేకపోతే జవాబు పుట్టదు, అంతే.

ముందు అడగాల్సింది: ఇది ఈయన చేతిలో ఉందా?

తిరగరాయడం అంటే ఆఖరి పేరాని మొదటికి తేవడం అనుకుంటారు. మేమూ మొదట అదే చేశాం. చేశాక అసలు గొడవ బయటపడింది. పైకి తెచ్చిన రెండు డిమాండ్లూ కలెక్టర్ చేతిలోవి కావు.

మొదటిది సబ్ కమిటీ నివేదిక. దాని కథ మీలో చాలామందికి తెలుసు, తెలియని వాళ్ల కోసం చెప్తాను. 2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి ఫిల్మ్‌నగర్‌లో నిరసనకి దిగింది. ఆ తరవాత మహిళా సంఘాలు కదిలాయి, విషయం హైకోర్టుకి వెళ్లింది, 2019లో తెలంగాణ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దాని సబ్ కమిటీ 2022లో నివేదిక ఇచ్చింది. 2024 ఆగస్టు 19న కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికొచ్చే నాటికి కూడా మన నివేదిక బయటికి రాలేదు. అప్పుడే ఇక్కడి సినిమా ఆడవాళ్ల బృందం ‘వాయిస్ ఆఫ్ విమెన్’ ఆ నివేదికను ప్రచురించమని ప్రభుత్వాన్ని అడిగింది, నటి సమంత దాన్ని పంచుకుంది. ఆ ప్రకటన కొద్ది వాక్యాలే. ఏ నివేదిక, ఎవరు, ఏం చేయాలి, ఎందుకు అన్న నాలుగూ అందులో ఉన్నాయి. ఆ కోరిక న్యాయమైనది. కానీ ఆ నివేదిక ఉన్నది ప్రభుత్వం దగ్గర. కలెక్టర్‌ని అడిగితే “మా పరిధిలోనిది కాదు” అని ఒక్క లైను రాసి మూసేయొచ్చు. ఆ ఒక్క లైనుతో మొత్తం 112 పేజీలూ మూతపడతాయి.

రెండోది తనిఖీ. 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, మనం పోష్ చట్టం అంటాం. అందులో రికార్డులు, పని ప్రదేశం తనిఖీ చేయించే అధికారం సెక్షన్ 25లో ఉంది. అది ప్రభుత్వానికి ఇచ్చిన అధికారం. కలెక్టర్‌ది కాదు.

మరి కలెక్టర్ చేతిలో ఏముంది? పిల్లలు చట్టం తెరిచి కూర్చున్నారు. సెక్షన్ 5 కింద జిల్లా అధికారిగా కలెక్టర్‌నో, డిప్యూటీ కలెక్టర్ లాంటి వాళ్లనో ప్రభుత్వం ప్రకటిస్తుంది. సెక్షన్ 6 కింద ఆ జిల్లా అధికారి లోకల్ కమిటీ వేయాలి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, ఆడవాళ్లు వెళ్లాల్సింది ఆ కమిటీ దగ్గరికి. ఇక సెక్షన్ 6(2) చూడండి. పట్టణాల్లో వార్డుకో, మున్సిపాలిటీకో ఒక నోడల్ అధికారిని జిల్లా అధికారి నియమించాలి. ఆ నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో లోకల్ కమిటీకి పంపాలి.

చెల్లె ఒకామె అది చదివి ఆగిపోయింది. “అన్నా, మనం మాట్లాడిన ఒక్క అక్కకి కూడా ఈ నోడల్ అధికారి అనే మనిషి ఉంటడని తెల్వదు” అంది.

అదీ ఆ 112 పేజీల నివేదిక అడగాల్సిన మాట. అది వాళ్ల నివేదికలోనే, 41వ పేజీ నుంచి 58 వరకు ఉంది. మెయిల్‌లో మాత్రం ఒక్క ముక్క లేదు.

ఇది చిన్న కోరికలా కనిపించొచ్చు. సినిమా పని ఎలా నడుస్తుందో చూస్తే కనిపించదు. ఇవాళ ఒక కంపెనీ, రేపు ఇంకో కంపెనీ. పిలిచేది ఏజెంటు, డబ్బు ఇచ్చేది ఇంకొకరు, సెట్ మీద అరిచేది మరొకరు. చట్టం వీళ్లని వదిలేయలేదు. రోజు కూలీ అయినా, ఏజెంటు ద్వారా వచ్చినా ఉద్యోగినే అని అందులో స్పష్టంగా ఉంది. కానీ సంఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకు పొడిగించొచ్చు. ఎక్కడ ఇవ్వాలో కనుక్కునేలోపే షూటింగ్ అయిపోతుంది, కంపెనీ ఆఫీసు ఖాళీ చేస్తుంది, గడువు గడిచిపోతుంది. కృష్ణానగర్‌లో నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక పేరు, ఒక ఫోన్ నంబరు ఉంటే ఆ మూడు నెలలు ఆమెకి పనికొస్తాయి.

ఆ మేకప్ అసిస్టెంట్

నాలుగో పేరా దగ్గర మా మధ్య చాలాసేపు వాదన జరిగింది. “ఆమె కథే గుండె పిండేస్తది అన్నా, అది తీసేస్తే ఎవడు కదులుతడు?” అన్నాడు తమ్ముడు.

మెయిల్‌లో ఆమె పేరు లేదు. కానీ సినిమా పేరుంది, షెడ్యూల్ జరిగిన నెల ఉంది, చేసే పని ఉంది. ఫిల్మ్‌నగర్ ఎంత చిన్న ఊరో అక్కడ పని చేసేవాళ్లకి తెలుసు. ఆ మూడు ముక్కలు కలిపితే ఆమె ఎవరో ప్రొడక్షన్ మేనేజర్ ఒక్క ఫోన్‌తో చెప్పేస్తాడు. పై మెయిల్ ఎక్కడెక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు. పేషీ నుంచి సెక్షన్‌కి, అక్కడి నుంచి ఇంకో శాఖకి, వివరణ కోరుతూ ఏ సంస్థకో “ప్రతి జతపరచడమైనది” అని. ఫిర్యాదు చేసిన మహిళ గుర్తింపు బయటపెట్టకూడదని చట్టంలో సెక్షన్ 16 ఉంది. చట్టం సంగతి అటుంచండి, మనల్ని నమ్మి చెప్పిన మనిషికి రేపు పని దొరకాలి కదా.

ఆ పేరా తీసేశాం. నివేదికలో కూడా సినిమా పేర్లు, నెలలు తీసి మళ్లీ చూశాం. దానికి ఇంకో రెండు రోజులు పట్టింది. మెయిల్ సరిచేయడానికి కూర్చోకపోతే ఆ తప్పు అలాగే వెళ్లిపోయేది.

తిరగరాసిన మెయిల్

*విషయం: ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్, కృష్ణానగర్‌కు నోడల్ అధికారుల నియామకం కోరుతూ – పోష్ చట్టం 2013, సెక్షన్ 6(2)*

*గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,*

*ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్, కృష్ణానగర్ ఉన్న వార్డులకు పోష్ చట్టం సెక్షన్ 6(2) కింద నోడల్ అధికారులను నియమిస్తూ ఉత్తర్వు ఇవ్వాలని, వారి పేరు, ఆఫీసు చిరునామా, ఫోన్ నంబరు ప్రజలకు తెలిసేలా ప్రకటించాలని కోరుతున్నాం. ఇప్పటికే నియమించి ఉంటే ఆ ఉత్తర్వు ప్రతిని ఇప్పించగలరు. ఈ మెయిల్ అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసిందిగా మనవి.*

*కారణం: ఈ ప్రాంతంలో సినిమా పనికి వెళ్లే మహిళల్లో మేం మాట్లాడిన ఎవరికీ ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారి ఎవరో తెలియదు (నివేదిక పేజీలు 41–58). రోజువారీ పని, మారిపోయే యజమానులు కావడం వల్ల చట్టం ఇచ్చిన మూడు నెలల గడువు వారికి దాటిపోతోంది (పేజీలు 63–70).*

*మీరు సమయం ఇస్తే మాలో ఇద్దరం వచ్చి 15 నిమిషాల్లో వివరిస్తాం.*

*జతపరిచినవి: 1. రెండు పేజీల సారాంశం. 2. పూర్తి నివేదిక, 112 పేజీలు. మహిళల పేర్లు, గుర్తుపట్టే వివరాలు తొలగించాం.*

*పేరు, బృందం, ఫోన్ నంబరు.*

అంతే. ఇంగ్లీషులో పంపినా వరుస ఇదే. ఫోన్ తెర మీద విషయం సగమే కనిపిస్తుంది కాబట్టి ఊరి పేరూ, కోరికా ముందు పెట్టాం, సెక్షన్ నంబరు చివర పెట్టాం. మొదటి వాక్యాన్ని క్లర్క్ తన నోట్‌లోకి ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోవచ్చు. 112 పేజీల్లో ఏ పేజీ తెరవాలో చెప్పాం కాబట్టి, చదవాలనుకున్న వాడికి సాకు లేదు.

“ఇప్పటికే నియమించి ఉంటే” అన్న వాక్యం ఎందుకో చెప్తాను. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 3న ఆరెలియానో ఫెర్నాండెజ్ కేసులో, జిల్లా అధికారులనూ లోకల్ కమిటీలనూ నోడల్ అధికారులనూ నియమించమని రాష్ట్రాలకి గడువులు పెట్టింది. కాబట్టి కాగితం మీద ఉత్తర్వు ఎక్కడో ఉండొచ్చు. మనం “నియమించండి” అని మాత్రమే అడిగితే “ఎప్పుడో నియమించాం” అని ఫైల్ మూస్తారు, పేరు మనకి తెలియదు. ఆ వాక్యం ఉంటే ఎటు జవాబిచ్చినా మన చేతికి ఒక పేరు వస్తుంది.

సబ్ కమిటీ నివేదిక డిమాండ్ వదిలేశామా? లేదు. దానికి వేరే మెయిల్, ప్రభుత్వానికి. తనిఖీ కోరిక, సెక్షన్ 25 ప్రస్తావన కూడా అందులోకే వెళ్లాయి. అదే 112 పేజీలు, రెండు మెయిళ్లు. ఒక్కో మెయిల్‌కి దాన్ని చేయగలిగిన ఒక్క మనిషి. రెండూ కలిపి ఇద్దరికీ పంపితే ఎవరికి వారు అవతలి వాళ్ల పని అనుకుంటారు.

“మనం వాళ్ల క్లర్కులమా?”

ఇదంతా చూసి ఒక సీనియర్ మిత్రుడు చిరాకుపడ్డాడు. “మన బాధంతా తీసేసి సెక్షన్లు మిగిల్చారు. వాళ్ల ఫైల్‌కి సరిపడా మనల్ని మనం కత్తిరించుకోవాలా?” అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. బాధకి పేరు పెట్టడమే మన రాజకీయం. ఆ ఆడవాళ్ల మాటలు వాళ్ల మాటల్లోనే ఉండాలి. ఉన్నాయి, నివేదికలో, ఒక్క అక్షరం కూడా మెత్తబరచకుండా.

కానీ పై ఉత్తరంలో ముందు బాధ పెట్టి చివర్లో అడగడం వల్ల ఏం జరుగుతుందో ఆలోచించండి. చదివేవాడు జాలిపడతాడు. జాలి అతని ఇష్టం. చట్టం చెప్పిన పనిని మొదటి వాక్యంలో అడిగితే అది అతని బాధ్యత. “ప్రార్థన” అన్న మాట తీసి “కోరుతున్నాం” అని రాయడానికి పిల్లలు జంకారు, పొగరు అనుకుంటారేమో అని. గౌరవనీయులైన అన్నాం, మనవి అన్నాం. మర్యాద ఎక్కడా తగ్గలేదు. తగ్గింది వంగడం ఒక్కటే.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మంచి మెయిల్ రాస్తే పని జరిగిపోతుందని నేను అనడం లేదు. ఒక ప్రభుత్వం ఒక నివేదికను బయటపెట్టలేదంటే దాని మీది ఉత్తరం బాగోలేదని కాదు. కేరళలో హేమ కమిటీ 2019 డిసెంబరు 31న నివేదిక ఇస్తే అది బయటికి రావడానికి నాలుగున్నరేళ్లు పట్టింది. సమాచార హక్కు కింద అడిగి, సమాచార కమిషన్ దాకా వెళ్లి కొట్లాడితే వచ్చింది. ఇష్టం లేని చోట ఏ వాక్యమూ ఇష్టం పుట్టించదు.

అయితే స్పష్టంగా అడిగిన వాక్యం మౌనాన్ని కూడా రికార్డు చేస్తుంది. “తగు చర్య” అడిగి ముప్పై రోజులు ఆగితే మన దగ్గర ఏమీ ఉండదు. “సెక్షన్ 6(2) కింద నోడల్ అధికారిని నియమించండి” అని అడిగి ముప్పై రోజులు ఆగితే, ముప్పై ఒకటో రోజు సమాచార హక్కు దరఖాస్తుకి ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: ఫలానా తేదీ మెయిల్ మీద తీసుకున్న చర్య ఏమిటి, నోట్ ఫైల్ ప్రతి ఇవ్వండి. అక్కడ కూడా పలకకపోతే అప్పీలుకి, ఆ తరవాత కోర్టుకి వెళ్లినా పట్టుకెళ్లేది ఆ మొదటి వాక్యాన్నే.

మెయిల్ పోయిన సోమవారం వెళ్లింది. ఆ సాయంత్రమే చెల్లె పేషీకి ఫోన్ చేసి, మెయిల్ అందిందా, ఏ సెక్షన్‌కి మార్క్ అయింది, నంబరు ఎంత అని అడిగి పుస్తకంలో రాసుకుంది. అవతలి మనిషి “ఏ విషయమమ్మా?” అని అడిగాడట. ఆమె విషయం చదవబోతే ఆయనే అందుకున్నాడట: “ఆ, కృష్ణానగర్ నోడల్ ఆఫీసర్ గురించి. చూసిన.”

ఇంకా జవాబు రాలేదు. ముప్పై రోజులకి ఇంకా సమయం ఉంది. కానీ ఆ ఆఫీసులో మా కాగితానికి పేరు “ఏదో స్టూడెంట్ల రిపోర్టు” కాదు. మేం ఏం అడిగామో అదే దాని పేరు.

మీ చేతిలో పంపబోయే మెయిల్ ఉంటే ఆపండి. మొదటి రెండు లైన్లు ఉంచి మిగతాది చేత్తో మూసి, ఈ విషయం తెలియని వాళ్లకి చూపించండి. “ఎవరు, ఏం చేయాలి?” అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే ఆ క్లర్కూ చెప్పలేడు.

జై భీమ్.